కిందికి కూర్చునేటప్పుడు పనిచేసేది ఏ కండరం?

వినాయకుడి ముందు గుంజీలు తీసే పిల్లవాణ్ణి చూడండి. కిందికి కూర్చునేటప్పుడు మోకాలు ముడుచుకుంటుంది. ఆ క్షణంలో మోకాలి దగ్గర పనిచేస్తున్న ప్రధాన కండరం ఏది? ఫిజికల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టుగా తీసుకున్న పన్నెండో తరగతి విద్యార్థుల్లో చాలామంది తడుముకోకుండా హామ్‌స్ట్రింగ్స్ అని రాస్తారు. మోకాలిని ముడిచేవి తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్సే కదా అన్నది వాళ్ల లెక్క. పుస్తకంలో ఉన్నదీ అదే. అయినా జవాబు తప్పు. అప్పుడు పనిచేస్తున్నది తొడ ముందు ఉండే క్వాడ్రిసెప్స్.

సీబీఎస్ఈలో ఈ సబ్జెక్టు కోడ్ 048. థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కి 30. థియరీలో కీళ్ల కదలికలు, కండరాల పని అనే భాగం బట్టీ పట్టినవాళ్లని సులువుగా పట్టించేస్తుంది. ఫ్లెక్షన్ అంటే కీలు దగ్గర కోణం తగ్గేలా ముడవడం, ఎక్స్‌టెన్షన్ అంటే కోణం పెరిగేలా చాపడం అని నిర్వచనాలు రాయమంటే అందరూ రాస్తారు. ఒక వ్యాయామం ఇచ్చి, ఏ దశలో ఏ కండరం ఎలా పనిచేస్తుందో చెప్పమంటేనే చిక్కు. ఆ చిక్కును విప్పడానికి నాలుగు మాదిరి ప్రశ్నలు, జవాబులు ఇక్కడ చూద్దాం. అన్నిటికీ ఆధారం ఒకటే విషయం: కండరం లాగగలదు, నెట్టలేదు. అందుకే ప్రతి కీలుకూ రెండు పక్కలా కండరాలుంటాయి. ఒక పక్కవి ముడిస్తే రెండో పక్కవి చాపుతాయి.

మాదిరి ప్రశ్న 1 (3 మార్కులు): నిటారుగా నిలబడి, ఒక కాలి మడమను వెనక్కి, పిరుదు దాకా లేపాడు ఒక క్రీడాకారుడు. మోకాలి దగ్గర జరిగిన కదలిక, పనిచేసిన కండరం, ఆ కండరం పనిచేసిన తీరు రాయండి.

జవాబు: మోకాలు హింజ్ జాయింట్, అంటే తలుపు బందులా ఒక దిశలోనే ముడుచుకుని తెరుచుకునే కీలు. ఇక్కడ జరిగిన కదలిక ఫ్లెక్షన్. దాన్ని చేసిన ప్రధాన కండరాలు, అంటే అగోనిస్ట్, హామ్‌స్ట్రింగ్స్. వాటికి ఎదురుగా ఉండి సడలిన కండరాలు, అంటే అంటాగోనిస్ట్, క్వాడ్రిసెప్స్. హామ్‌స్ట్రింగ్స్ బిగుసుకుంటూ పొట్టివయ్యాయి కాబట్టి ఇది కాన్‌సెంట్రిక్ సంకోచం.

ఇందులో మెలిక లేదు. పాదాన్ని, పిక్కను భూమ్యాకర్షణకు ఎదురుగా పైకి ఎత్తాలి. ఎత్తే పని ఎవరో ఒకరు చేయాలి. తొడ వెనక కండరాలు చేశాయి. కదలిక పేరు, కండరం పేరు పుస్తకంలో ఉన్నట్టే జత కుదిరాయి. ఇలా జత కుదిరిన ఉదాహరణలే క్లాసులో ఎక్కువగా వస్తాయి కాబట్టి ఫ్లెక్షన్ అంటే హామ్‌స్ట్రింగ్స్ అని మనసులో ముద్ర పడిపోతుంది.

మాదిరి ప్రశ్న 2 (5 మార్కులు): గుంజీ తీసేటప్పుడు నెమ్మదిగా కూర్చునే దశలోనూ, లేచే దశలోనూ తుంటి, మోకాలి కీళ్ల కదలికలను, ప్రధాన కండరాలను, అవి పనిచేసే తీరును వివరించండి.

జవాబు: కూర్చునే దశలో తుంటి దగ్గర ఫ్లెక్షన్, మోకాలి దగ్గర ఫ్లెక్షన్ జరుగుతాయి. శరీరం బరువు కిందికి లాగడం వల్లే ఈ రెండు కదలికలూ జరుగుతాయి. శరీరం ఒక్కసారిగా కూలిపోకుండా తుంటి దగ్గర గ్లూటియస్ మాక్సిమస్, మోకాలి దగ్గర క్వాడ్రిసెప్స్ బిగుసుకుని ఉంటూనే సాగుతాయి. ఇది ఎక్సెంట్రిక్ సంకోచం. లేచే దశలో తుంటి దగ్గర, మోకాలి దగ్గర ఎక్స్‌టెన్షన్ జరుగుతుంది. అవే గ్లూటియస్ మాక్సిమస్, క్వాడ్రిసెప్స్ ఇప్పుడు పొట్టివవుతూ శరీరాన్ని పైకి లేపుతాయి. ఇది కాన్‌సెంట్రిక్ సంకోచం.

కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ కండరాల పేర్లు మారలేదు, పనిచేసే తీరు మాత్రమే మారింది. మార్కులు పోయేది ఇక్కడే. కదలిక తిరగబడింది కాబట్టి కండరం కూడా తిరగబడుతుందని అనుకుని, దిగేటప్పుడు హామ్‌స్ట్రింగ్స్, లేచేటప్పుడు క్వాడ్రిసెప్స్ అని చక్కగా రెండు గడుల పట్టిక గీసేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ పట్టికలో సగం తప్పు.

బిగుసుకున్న కండరం సాగడం ఏమిటన్న సందేహం రావచ్చు. నిండు చేదను తాడుతో బావిలోకి మెల్లగా దింపుతున్నప్పుడు మన చేతులు తాడును పైకే లాగిపట్టి ఉంటాయి. అయినా చేద కిందికే పోతుంది. మనం పట్టిన బలం బరువు కంటే కాస్త తక్కువ కావడమే కారణం. పట్టు వదిలేస్తే చేద దబ్బున పడుతుంది. గుంజీలో క్వాడ్రిసెప్స్ చేసేది సరిగ్గా ఈ పనే.

కాబట్టి జవాబు రాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. కండరాలన్నీ ఒక్కసారిగా సడలిపోతే ఈ కదలిక దానంతట అదే జరుగుతుందా? జరగదు అంటే, ఆ కదలికను చేసే కండరమే కాన్‌సెంట్రిక్‌గా పనిచేస్తోంది. జరుగుతుంది అంటే, దానికి ఎదురు కండరం ఎక్సెంట్రిక్‌గా ఆపుతోంది. మడమ పైకి లేవడం దానంతట అది జరగదు. నిలబడ్డ మనిషి కూలబడటం దానంతట అదే జరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ మోకాలి దగ్గర ఫ్లెక్షనే, కానీ కండరాలు వేరు.

నమ్మకం కుదరకపోతే చేత్తో తడిమి చూసుకోవచ్చు. కుర్చీ ముందు నిలబడి, తొడ ముందు భాగంలో ఒక అరచెయ్యి ఆనించి, చాలా నెమ్మదిగా కూర్చోండి. పిరుదులు కుర్చీని తాకేదాకా ఆ కండరం గట్టిపడి ఉంటుంది. బరువు కుర్చీ మీద పడగానే మెత్తబడుతుంది. అదే పరీక్ష తొడ వెనక చేస్తే అంత స్పష్టంగా తెలియదు. హామ్‌స్ట్రింగ్స్ తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళ్లే కండరాలు. కూర్చునేటప్పుడు తుంటి వైపు సాగుతాయి, మోకాలి వైపు పొట్టివవుతాయి. మొత్తం మీద వాటి పొడవులో పెద్ద మార్పు ఉండదు. అవి అసలు పనిచేయవని కాదు, తుంటి దగ్గర సాయం చేస్తాయి. పరీక్ష జవాబులో ప్రధాన కండరంగా మాత్రం రాయకూడదు.

ఇదే ప్రశ్నకు కొసరుగా మూడో దశ అడగవచ్చు: సగం కూర్చుని అక్కడే ఆగితే? బడిలో గోడకుర్చీ వేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. మోకాలి కోణం మారదు, కండరం పొడవూ మారదు. అయినా క్వాడ్రిసెప్స్ బిగుసుకునే ఉంటాయి, కాసేపటికి తొడలు వణుకుతాయి. ఇది ఐసోమెట్రిక్ సంకోచం. కదలిక లేదు కాబట్టి ఫ్లెక్షన్ అని గానీ ఎక్స్‌టెన్షన్ అని గానీ రాయకూడదు. మోకాలు ముడిచిన స్థితిలో నిలిచి ఉందని మాత్రమే రాయాలి.

మాదిరి ప్రశ్న 3 (3 మార్కులు): వాలీబాల్ స్పైక్‌లో చెయ్యి తల మీది నుంచి కిందికి వస్తుంది. భూమ్యాకర్షణ కూడా అటే లాగుతుంది. అయితే ఇక్కడ కూడా ఎదురు కండరం ఎక్సెంట్రిక్‌గా పనిచేస్తోందని చెప్పవచ్చా?

జవాబు: చెప్పకూడదు. స్పైక్‌లో చెయ్యి దాని బరువుతో అది పడే వేగం కంటే ఎన్నో రెట్లు వేగంగా కిందికి వస్తుంది. ఆ వేగాన్ని ఇచ్చేవి భుజాన్ని కిందికి లాగే లాటిసిమస్ డోర్సి, పెక్టొరాలిస్ మేజర్ కండరాలు. అవి కాన్‌సెంట్రిక్‌గా పనిచేస్తాయి. భుజం దగ్గర జరిగే ప్రధాన కదలిక ఎక్స్‌టెన్షన్. బంతిని కొట్టాక చేతి వేగాన్ని తగ్గించే దశలో మాత్రం భుజం వెనక ఉండే కండరాలు ఎక్సెంట్రిక్‌గా పనిచేస్తాయి.

పైన చెప్పిన కిటుకుకు హద్దు ఎక్కడుందో ఈ ప్రశ్న చూపిస్తుంది. అది నెమ్మదిగా, అదుపులో జరిగే కదలికలకే పనికొస్తుంది. ప్రశ్నలో నెమ్మదిగా, అదుపుతో, దించేటప్పుడు అన్న మాటలు ఉంటే ఎక్సెంట్రిక్ గురించి ఆలోచించాలి. కొట్టడం, విసరడం, తన్నడం అన్న మాటలు ఉంటే, దెబ్బ తగిలే వరకు వేగాన్నిచ్చే కండరం ఏదో వెతకాలి. ప్రశ్నపత్రంలో ఒక్క విశేషణం జవాబును తలకిందులు చేస్తుంది.

మాదిరి ప్రశ్న 4 (2 మార్కులు): చాలాకాలం తరవాత గుంజీలు తీస్తే, నొప్పి అప్పటికప్పుడు కాక మర్నాడు తెలుస్తుంది. కారణం రాయండి.

జవాబు: అలవాటు లేని ఎక్సెంట్రిక్ పని వల్ల కండర తంతువుల్లో అతి సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి. వాటిని బాగుచేసే క్రమంలో వచ్చే వాపు, సున్నితత్వం వల్ల నొప్పి పుడుతుంది. ఇది సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి, తరవాత తగ్గిపోతుంది.

ఇక్కడ లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం అని రాసేవాళ్లు చాలామంది. అది ఊళ్లో జిమ్‌లలో కూడా వినిపించే మాటే. కానీ వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ ఆపేసిన గంటా రెండు గంటల్లోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి అది కారణం కాలేదు. నొప్పి ఎక్కడుందో చూసినా విషయం తెలుస్తుంది. గుంజీలు తీసిన మర్నాడు మూలిగేది తొడ ముందు భాగం, పిరుదులు. మెట్లు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ పెడుతుంది, ఎందుకంటే దిగేటప్పుడు ఆ దెబ్బతిన్న క్వాడ్రిసెప్సే మళ్లీ సాగుతూ బరువు మోయాలి. కూర్చునేటప్పుడు పనిచేసింది హామ్‌స్ట్రింగ్స్ అనుకున్నవాళ్లకు వాళ్ల తొడలే జవాబు దిద్ది ఇస్తాయి.

జవాబు రాసే వరస కూడా దీన్నిబట్టే పెట్టుకోవచ్చు. ముందు కీలు, తరవాత కదలిక, ఆపైన బరువు ఆ కదలికకు సాయమా అడ్డమా అన్న మాట, అప్పుడు కండరం, చివర సంకోచం రకం. మూడో మెట్టు దాటేసి కదలిక నుంచి నేరుగా కండరానికి దూకితేనే తప్పు వస్తుంది. ఇంట్లో సాధన చేయడానికి దండీలు తీసుకోండి. ఛాతీ నేల వైపు దిగేటప్పుడు మోచేతి దగ్గర జరిగేది ఫ్లెక్షన్. దిగడానికి బరువే చాలు కాబట్టి పనిచేసేది బైసెప్స్ కాదు, మోచేతిని చాపే ట్రైసెప్స్, అదీ ఎక్సెంట్రిక్‌గా. పైకి లేచేటప్పుడు అదే ట్రైసెప్స్ కాన్‌సెంట్రిక్‌గా పనిచేస్తుంది. అదే బైసెప్స్‌ను అగోనిస్ట్‌గా రాయాలంటే దండీలు మానేసి, ఇనపకడ్డీ పట్టుకుని శరీరాన్ని పైకి లాక్కునే చిన్-అప్స్ దగ్గరికి వెళ్లాలి.