కావడి ఒరిగితే

జవళగిరి నుంచి హోసూరులోని ఒక కార్ఖానాకు పనికి వెళ్లే యువకుణ్ణి ఊహించుకుందాం. అతనికి పని కొత్త. మేస్త్రీ పిలిస్తే చాలు, గుండె దడదడ కొట్టుకుంటుంది, అరచేతులకు చెమట పడుతుంది. రేపు ఏం తప్పు చేస్తానో అన్న ఆందోళనతో రాత్రి నిద్ర పట్టదు. ఒకనాడు తోటి పనివాడు, “ఇది కాస్త తాగు, అంతా సర్దుకుంటుంది” అని మద్యం ఇచ్చాడు. నిజంగానే కొద్దిసేపటికి దడ తగ్గింది, నిద్ర పట్టింది. ఆ మరునాటి నుంచి అదే అతనికి మందయింది.

మద్యం ఆందోళనను తగ్గించిన మాట నిజమే. మరి అది మందు ఎందుకు కాదు?

మన మెదడును కావడితో పోల్చవచ్చు. కావడికి ఒకవైపు ‘గాబా’ అనే రసాయనం ఉంది. ఇది మెదడును నెమ్మదింపజేస్తుంది. రెండోవైపు ఉన్న ‘గ్లుటమేట్’ మెదడును మేల్కొల్పి చురుకు చేస్తుంది. ఈ రెండూ సరితూగినంతకాలం మనం స్థిమితంగా ఉంటాం. మద్యం గాబా పనిని పెంచి, గ్లుటమేట్ పనిని తగ్గిస్తుంది. కావడి నెమ్మది వైపు ఒరుగుతుంది. యువకుడు పొందిన ఉపశమనం ఇదే.

అయితే మెదడు ఒరిగిన కావడిని అలాగే వదలదు. దాన్ని నిలబెట్టడానికి రెండోవైపు బరువు పెంచుతుంది. ఇంతలో కాలేయం మద్యాన్ని కరిగించివేస్తుంది. మద్యం పోతుంది గాని, మెదడు పెంచిన బరువు వెంటనే పోదు. అప్పుడు కావడి ఆందోళన వైపు ఒరుగుతుంది.

దీన్ని లెక్క వేసి చూద్దాం. 180 మిల్లీలీటర్ల బ్రాందీలో ఆల్కహాలు సుమారు 60 గ్రాములు ఉంటుంది. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములను మాత్రమే కరిగించగలదు. అంటే దీనికి 6 గంటల నుంచి 8 గంటలకు పైగా పడుతుంది. రాత్రి 9 గంటలకు తాగిన వాడికి తెల్లవారుజామున 3, 4 గంటలకు మెలకువ వస్తుంది. గుండె దడ, చెమట, చేతుల వణుకు, కారణం తెలియని భయం కలుగుతాయి. అతడు దాన్ని తన పాత ఆందోళనే అనుకుంటాడు. దాన్ని అణచడానికి మళ్లీ తాగుతాడు. కొన్నాళ్లకు పాత మోతాదు చాలదు.

గంజాయి దారి వేరు గాని, చేరే చోటు ఒకటే. అందులోని టి.హెచ్.సి. అనే పదార్థం కొద్ది మోతాదులో కొందరికి నెమ్మదినిస్తుంది. మోతాదు పెరిగితే అదే భయాన్నీ గుండె దడనూ పెంచుతుంది. పొట్లంలో అది ఎంత ఉందో తాగేవాడికి తెలియదు. రోజూ వాడితే దాన్ని అందుకునే మెదడులోని గ్రాహకాలు తగ్గిపోతాయి. మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆందోళన మొదలై, మొదటి వారంలో ఎక్కువగా ఉంటాయి. సాధారణంగా రెండు, మూడు వారాల్లో తగ్గుతాయి.

మరి పాత ఆందోళన ఏది, మద్యం తెచ్చినది ఏది? గడియారం చూస్తే కొంత తెలుస్తుంది. మేస్త్రీ పిలిచినప్పుడు కలిగేది పాతది. తాగిన కొన్ని గంటలకు, ఏ కారణమూ లేకుండా వచ్చి, మళ్లీ తాగితే తగ్గేది మద్యం తెచ్చినది. మన యువకుడు ఈ వేళలను ఒక పుస్తకంలో రాసుకొని వైద్యునికి చూపాడనుకుందాం. వైద్యుడు అతనితో తాగుడు మాన్పించి, సుమారు నాలుగు వారాలు గమనిస్తాడు. తెల్లవారుజామున వచ్చే భయం చాలావరకు పోతుంది. మేస్త్రీ భయం మాత్రం మిగలవచ్చు. దానికి వేరే చికిత్స ఉంది. భయపడే పనిని తప్పించుకోకుండా కొద్దికొద్దిగా ఎదుర్కోవడం అందులో ముఖ్యమైనది. భయం పైకి లేచి, దానంతటదే దిగుతుందని అప్పుడు తెలుస్తుంది. ఇంతకాలం మద్యం అతనికి ఆ సంగతి తెలియనివ్వలేదు.

ఒక్క హెచ్చరిక. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే, రెండు రోజుల్లోపే మూర్ఛలు రావచ్చు. ఆ తరువాత మతి భ్రమించి ప్రాణాపాయం కూడా కలగవచ్చు. కాబట్టి ఇంట్లో అలాంటివారు ఉంటే సీసా దాచిపెట్టడం పరిష్కారం కాదు. వారిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వైద్యులు మందులిచ్చి క్రమంగా మాన్పిస్తారు. మనకు దగ్గరలోని బెంగళూరులో నిమ్‌హాన్స్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

ప్రశ్నలు
1. మద్యం కరిగిపోయిన తరువాత ఆందోళన ఎందుకు పెరుగుతుంది? కావడి పోలికతో వివరించండి.
2. పాత ఆందోళనను, మద్యం తెచ్చిన ఆందోళనను ఎలా గుర్తించవచ్చు?
3. రోజూ ఎక్కువగా తాగేవారు వైద్యుని సాయం లేకుండా ఒక్కసారిగా ఎందుకు మానకూడదు?