విమానం ముందు పద్దెనిమిది మెట్లు

రుద్రంగి, కథలాపూర్, కోరుట్ల వైపు నుంచి గల్ఫ్ విమానం ఎక్కేది ఇప్పుడు పనికి పోయే పడుచువాళ్లు మాత్రమే కాదు. దుబాయిలో స్థిరపడ్డ కొడుకు విజిట్ వీసా తీస్తే నెల రోజులు ఉండి రావడానికి అవ్వలు, బాపులు కూడా పోతున్నారు. ముప్పై నలభై ఏళ్లు చాట ముందర పెట్టుకొని, మడిచిన కాళ్లతో బీడీలు చుట్టినవాళ్లు వాళ్లలో చాలామంది. నడవమంటే మెల్లగా నడుస్తారు. మెట్టు కనబడితేనే ఆగిపోతారు. ఇట్లాంటి అవ్వకు టికెట్ తీసేటప్పుడు ఏజెంటు చెప్పే మాట ఒకటుంది: "వీల్‌చైర్ వెట్టిన అన్నా, ఏం ఫికర్ లేదు."

ఫికర్ ఎక్కడ మొదలవుతుందంటే, ఆ కుర్చీ విమానం కిందికి వచ్చి ఆగినప్పుడు. ఎదురుగా పద్దెనిమిది మెట్లుంటాయి. కుర్చీ తోసే అబ్బాయి, "మెట్లు ఎక్కుతదని రాసుంది కదా" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. టికెట్లో నిజంగా అట్లాగే రాసి ఉంటుంది. ఆ రాత ఏమిటో తెలియాలంటే ముందు విమానం ఎక్కడ నిలబడుతుందో తెలియాలి.

విమానాన్ని టెర్మినల్ గోడకు ఆనుకునేంత దగ్గరగా నిలిపితే ఏరోబ్రిడ్జి వస్తుంది. ఒకదానిలో ఒకటి దూరే డబ్బాల్లా పొడవు పెరిగే, తగ్గే నడవా అది. కొసన తిరిగే చిన్న గది ఉంటుంది, దాని మడతల గొడుగు విమానం ఒంటికి అతుక్కుంటుంది. అందులో మెచ్చుకోదగ్గ భాగం ప్రయాణికుల కంట పడదు. తలుపు పక్కన ఒక చిన్న చక్రం విమానాన్ని తాకుతూ ఉంటుంది. మనుషులు, సామాను, ఇంధనం ఎక్కేకొద్దీ విమానం తన చక్రాల కాళ్ల మీద కిందికి దిగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ పైకి లేస్తుంది. ఆ కదలికను చిన్న చక్రం పసిగడితే బ్రిడ్జి తన ఎత్తును తానే సర్దుకుంటుంది. అందుకే వీల్‌చైర్ టెర్మినల్ పై అంతస్తు నుంచి విమానం తలుపు దాకా ఒక్క మెట్టు కూడా లేకుండా పోతుంది.

అన్ని విమానాలకూ ఆ చోటు దొరకదు. మిగిలినవి దూరంగా మైదానంలో నిలుస్తాయి, వాటి దగ్గరికి బస్సులో పోవాలి. ఇది ఎప్పుడూ చోటు చాలకనే జరగదు. బ్రిడ్జి వాడితే కొన్నిచోట్ల విమానసంస్థ అదనంగా కట్టాలి. పైగా చిన్న విమానానికి బ్రిడ్జి ముందు తలుపుకే అతుకుతుంది, మెట్లయితే ముందూ వెనకా రెండు తలుపుల్లోంచీ జనాన్ని ఎక్కించి తొందరగా ఎగిరిపోవచ్చు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచినప్పుడు ఏడాదికి 1.2 కోట్ల మందికని కట్టారు. తర్వాత దాన్ని 3.4 కోట్ల మందికి సరిపడేలా పెంచారు, బ్రిడ్జిలూ పెరిగాయి. అయినా మీ విమానానికి ఏది వస్తుందో టికెట్ తీసిన రోజు ఎవరూ చెప్పలేరు, ఆఖరి గంటలో కూడా మారుతుంది. అటువైపు దుబాయి రెండో టెర్మినల్లో అయితే అనుమానమే అక్కర్లేదు. అక్కడ బ్రిడ్జిలు లేవు, బస్సే.

గేటు కోసం లిఫ్టులోనో ఎస్కలేటర్ మీదనో కిందికి దిగమన్నారంటే చాలావరకు బస్సు గేటనే అర్థం. ఈ బస్సు మన ఆర్టీసీ బస్సు లాంటిది కాదు. వెడల్పు మూడు మీటర్లు ఉంటుంది కాబట్టి మామూలు రోడ్డు మీదికి రాదు. నేల బాగా కిందికి ఉంటుంది, ఎక్కడం తేలికే. వందమందికి పైగా పడతారు కానీ కూర్చునే సీట్లు పద్నాలుగు దాకానే, మిగతావాళ్లు కడ్డీ పట్టుకొని నిలబడాలి. ముసలివాళ్లు పడేది బస్సు మలుపు తిరిగేటప్పుడో, విమానం పక్కన బ్రేకు వేసేటప్పుడో. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొదటి బస్సులో పోతే తల మీది అరల్లో సంచికి చోటు దొరుకుతుంది కానీ కిక్కిరిసి ఉంటుంది. ఆఖరి బస్సులో కూర్చోవడానికి సీటు దొరుకుతుంది, అరలు మాత్రం నిండిపోతాయి. అవ్వ వెంట ఉన్నవాళ్లు రెండోదే ఎంచుకోవాలని నా అభిప్రాయం. సంచి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక మెట్లు. గల్ఫ్‌కు తిరిగే ఎయిర్‌బస్ ఏ320 ముందు తలుపు నేల నుంచి సుమారు 3.4 మీటర్ల ఎత్తున ఉంటుంది. మెట్టు 18 నుంచి 20 సెంటీమీటర్లనుకుంటే పదిహేడు, పద్దెనిమిది మెట్లు. బోయింగ్ 737 కొంచెం పొట్టిది, 2.7 మీటర్లు, నాలుగు మెట్లు తగ్గుతాయి. ఒక అంతస్తు ఎక్కినంతే కదా అనిపిస్తుంది. బెర్లిన్‌లో కృత్రిమ మోకాలి కీలులోనే కొలిచే పరికరం అమర్చి చూశారు. మెట్లు ఎక్కేటప్పుడు కీలు మీద ఒంటి బరువుకు మూడు రెట్లు పైగా పడుతుంది, దిగేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ, సుమారు మూడున్నర రెట్లు. 55 కిలోల అవ్వ మోకాలి మీద దిగేటప్పుడు ఒక్కో మెట్టుకు 190 కిలోల దాకా భారం అన్నమాట. ఎక్కడం చూసి "పర్లేదు, ఎక్కింది" అనుకునేవాళ్లు దుబాయిలో దిగేటప్పటి సంగతి మరిచిపోతారు.

చివరి మెట్టు దగ్గర మరొకటి గమనించాలి. మెట్ల పైచప్టాను తలుపు గడప కంటే కావాలనే కొన్ని అంగుళాలు కిందికి పెడతారు. విమానం బరువెక్కి కిందికి దిగితే తెరిచిన తలుపు చప్టాకు తగిలి దెబ్బతినకుండా ఈ జాగ్రత్త. బ్రిడ్జిలా మెట్లు తమంతట తాము సర్దుకోవు. కాబట్టి పైన ఇంకో చిన్న ఎత్తు, సన్నటి సందు మిగులుతాయి. తలుపు దగ్గర నమస్తే చెప్పే అమ్మాయి వైపు చూస్తూ కాలు తట్టుకునేది ఇక్కడే. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకొని రెండో చెయ్యి కడ్డీ మీద వేయాలంటే ఆ చేతుల్లో సంచి ఉండకూడదు.

ఇప్పుడు టికెట్లో రాత సంగతి. ప్రపంచమంతా విమానసంస్థలు వీల్‌చైర్ అడిగినవాళ్లను మూడు రకాలుగా రాసుకుంటాయి. WCHR అంటే దూరం నడవలేరు కానీ మెట్లు ఎక్కగలరు, విమానంలో సీటు దాకా పోగలరు. WCHS అంటే మెట్లు ఎక్కలేరు, దిగలేరు, లోపల మాత్రం సీటు దాకా నడుస్తారు. WCHC అంటే అసలు నడవలేరు, సీటు దాకా కూర్చోబెట్టి తీసుకుపోవాలి. ఏజెంటు మామూలుగా "వీల్‌చైర్" అని నొక్కితే చాలాసార్లు పడేది మొదటిది. బ్రిడ్జి దొరికిన రోజు తేడా బయటపడదు. బస్సు వచ్చిన రోజు పడుతుంది.

WCHS రాసి ఉంటే మెట్ల బదులు ఆంబులిఫ్ట్ రావాలి. లారీ మీద పెట్టిన గదిని కత్తెరలా విచ్చుకునే కాళ్లు పైకి లేపుతాయి. మెట్లు విమానానికి ఎడమవైపు ఉంటాయి కాబట్టి ఇది మామూలుగా కుడివైపు తలుపుకు వస్తుంది. అదే తలుపుకు భోజనాల బండి కూడా వస్తుంది, అది పోయేదాకా ఇది ఆగాలి. పైగా మొత్తం విమానాశ్రయానికి ఇవి కొన్నే ఉంటాయి. అందుకే కనీసం 48 గంటల ముందు చెప్పమంటారు. కొన్ని సంస్థలు, ఇండిగో లాంటివి, మెట్లకు బదులు వాలు ర్యాంపు పెడతాయి. కుర్చీని దాని మీద తోసుకుపోవచ్చు. పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే సుళువైన వాలు కావాలంటే పదకొండు అడుగుల ఎత్తుకు 132 అడుగుల ర్యాంపు కావాలి. అంత చోటు ఉండదు కనుక దాన్ని మడతలుగా మలుస్తారు, వాలూ కొంచెం నిటారుగానే ఉంటుంది. సొంతంగా నడిచేవాళ్లకు అదీ ఆయాసమే, కాకపోతే మెట్టు ఉండదు.

కోరుట్లలో టికెట్ తీయిస్తున్నామనుకుందాం. అవ్వకు అరవై ఎనిమిదేళ్లు, ఇంట్లో తిరుగుతుంది, మేడ మెట్లు ఎక్కదు. ఆమెకు కావలసింది WCHS. ఏజెంటు కంప్యూటర్ తెర మీద ఇట్లాంటి వరుస కనిపించాలి. XX ఉన్నచోట విమానసంస్థ గుర్తు ఉంటుంది:

```
SSR WCHS XX HK1
```

చివర HK ఉంటే సంస్థ ఒప్పుకున్నట్టు. HN ఉంటే అడిగాం, జవాబు రాలేదని. UC ఉంటే కుదరదన్నారని. పోయేదానికీ వచ్చేదానికీ, మధ్యలో విమానం మారితే దానికీ, ఈ వరుస విడివిడిగా ఉండాలి. పోయేటప్పుడు సరిగ్గా రాసి, తిరుగు టికెట్లో మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. విమానసంస్థ వెబ్‌సైట్‌లో టికెట్ తీస్తే ఈ అక్షరాలు కనబడకపోవచ్చు. అప్పుడు "మెట్లు ఎక్కలేరు" అన్న గడినే ఎంచుకోవాలి. శంషాబాద్ కౌంటర్లో బోర్డింగ్ పాస్ తీసుకునేటప్పుడు ఇంకోసారి నోటితో చెప్పాలి: కుర్చీ ఒక్కటే కాదు, మెట్లు ఎక్కలేదు అని.

ఇద్దరు ముసలివాళ్లు పోతుంటే రెండు కుర్చీలు అడగాలి. 2024 ఫిబ్రవరిలో ముంబైలో న్యూయార్క్ విమానం దిగిన వృద్ధ దంపతులు కుర్చీలు అడిగి ఉన్నా ఒకటే దొరికింది. భార్యను కుర్చీలో కూర్చోబెట్టి ఎనభై ఏళ్ల భర్త ఇమ్మిగ్రేషన్ దాకా పక్కనే నడిచాడు, అక్కడ కుప్పకూలి చనిపోయాడు. డీజీసీఏ ఆ విమానసంస్థకు 30 లక్షల జరిమానా వేసింది. రెండో కుర్చీ వచ్చేదాకా కూర్చోమంటే మన బాపులు కూడా కూర్చోరు, "నాకేమైంది, నడుస్త" అంటారు. ఆ మాట ముందే ఇంట్లో తెగాలి.

సంచుల దగ్గరికి వస్తే, చేతి సామాను ఎక్కువ సంస్థల్లో ఏడు కిలోలు. అరలు నిండితే గేటు దగ్గరో మెట్ల కిందో సిబ్బంది చక్రాల పెట్టెను తీసుకొని చీటీ కట్టి విమానం కడుపులో వేస్తారు. చీటీ ముక్క దాచుకోవాలి. అది తిరిగి ఎక్కడ ఇస్తారో అప్పుడే అడగాలి. గల్ఫ్‌లో చాలావరకు మిగతా లగేజీతో బెల్టు మీదికే వస్తుంది. పెట్టె ఇచ్చేముందు అందులోంచి పవర్ బ్యాంకు తీసేయడం తప్పనిసరి. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్నచోటే ఆర్పగలరు, కింద సామానులో కాదు. పాస్‌పోర్టు, బీపీ షుగర్ గోలీలు, కళ్లద్దాలు, కొడుకు నంబరు రాసిన కాగితం ఈ పెట్టెలో ఎప్పుడూ పెట్టొద్దు. అవి మెడలో వేసుకునే చిన్న బట్ట సంచిలో ఉండాలి. కుర్చీ తోసేవాళ్లు ఒక చిన్న సంచి ఒళ్లో పెట్టుకోనిస్తారు, సకినాల డబ్బాలు, పచ్చడి సీసాలు మోయరు. నూనె పచ్చడి ఎలాగూ ముందే లగేజీలో వేయాల్సిందే.

కుర్చీవాళ్లను అందరికంటే ముందు ఎక్కిస్తారు, అందరూ దిగాక ఆఖరున దింపుతారు. అవతల ఆంబులిఫ్ట్ రావడానికి ఇంకో పావుగంట, అరగంట పట్టొచ్చు. అప్పటికి తోటి ప్రయాణికులంతా బస్సుల్లో పోయి ఉంటారు. ఈలోపల ఎవరైనా చెయ్యి అందించి "మెల్లగా దిగవ్వా, నాలుగు మెట్లే" అంటే ఆమె దిగొద్దు, కూర్చునే ఉండాలి. ఈ సంగతి ఆమెకు ఊళ్లోనే చెప్పి పంపాలి. బయట నిలబడ్డ కొడుక్కు కూడా చెప్పాలి: విమానం వాలిందని తెర మీద చూశాక గంటన్నర దాకా అవ్వ బయటికి రాకపోయినా అది మామూలే.