బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద

సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్లేటప్పుడు గర్భిణిని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, "బెల్టు వద్దులే అమ్మా, పొట్ట నొక్కుకుంటుంది" అంటారు పెద్దవాళ్లు. ప్రేమతో అనే మాటే. కానీ సడన్ బ్రేకు పడితే ఆమె పొట్ట ముందు సీటుకు కొట్టుకోకుండా ఆపేది ఆ బెల్టే.

దాన్ని పెట్టుకునే తీరులోనే ఉంది అంతా. నడుము పట్టీ పొట్ట కిందుగా, తొడల మొదట్లో, రెండు తుంటి ఎముకలనూ ఆనుకుని బిగుతుగా ఉండాలి. దెబ్బను ఎముక ఓర్చుకుంటుంది, గర్భసంచి ఓర్చుకోలేదు. భుజం పట్టీ రొమ్ముల మధ్యగా దిగి పొట్ట పక్కనుంచి పోవాలి. దాన్ని చంక కిందికి తీయకూడదు. ప్రయాణంలో నడుము పట్టీ పైకి జారుతుంటుంది కాబట్టి మధ్యమధ్య చేత్తో కిందికి సర్దుకోవాలి.

ఏడు నెలలు నిండిన ఒకామె హైదరాబాదు నుంచి ఖమ్మం వెళ్తోందనుకుందాం. సూర్యాపేట దాటాక గేదె అడ్డొచ్చి బ్రేకు పడింది. బెల్టు లేదు. పొట్ట ముందు సీటుకు గట్టిగా తగిలింది. నొప్పి లేదు, రక్తం లేదు. "ఇంటికెళ్లి పడుకుంటే సరిపోతుంది" అంటారు కారులో ఉన్నవాళ్లు. సరిపోదు. గర్భసంచి సాగే కండరం, దాని లోగోడకు అతుక్కున్న మాయ అలా సాగదు. దెబ్బకు సంచి వంగి లేచినప్పుడు మాయ అంచు ఊడిపోవచ్చు. అలా ఊడితే బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. కారిన రక్తం ఒక్కోసారి మాయ వెనకే నిలిచిపోయి బయటికి కనబడదు. స్కానింగులో కూడా దొరక్కపోవచ్చు.

అందుకే ఆమె నేరుగా కాన్పుల ఆసుపత్రికి వెళ్లాలి. దారిలో ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. అక్కడ బిడ్డ గుండె చప్పుడునూ నొప్పులనూ యంత్రంతో కనీసం నాలుగు గంటలు గమనిస్తారు. తేడా కనిపిస్తే ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. తల్లిది నెగటివ్ గ్రూపు అయితే ఆ సంగతి ముందే చెప్పాలి, 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాల్సి రావచ్చు.

ఇంట్లో మెట్ల మీద జారిపడినా, పొట్ట మీద గట్టి దెబ్బ తగిలినా ఇదే పద్ధతి. పెద్దపిల్లవాడి కాలు నిద్రలో తగిలితే మాత్రం కంగారు అక్కర్లేదు. మొదటి మూడు నెలల్లో గర్భసంచి కటి ఎముకల చాటున ఉంటుంది కాబట్టి చిన్న దెబ్బలు బిడ్డదాకా పోవడం అరుదు. అప్పుడైనా రక్తం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి.

ఆసుపత్రి నుంచి పంపించేశాక కూడా నాలుగైదు రోజులు కనిపెట్టుకుని ఉండండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, పొట్ట రాయిలా గట్టిపడినా, నొప్పులు వచ్చిపోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే బయల్దేరండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.