ఫోను చేసింది ఎవరు?



హోసూరులో ఒక ఇంటికి చీటీ ఒకటి వచ్చిందనుకోండి. అన్నదమ్ములిద్దరూ ఒకే కార్ఖానాలో పనిచేస్తున్నారు. చీటీలో ఉన్నది ఒక్క ముక్కే: "మేనేజరు పిలిచింది తమ్ముడు." అన్నగారు దాన్ని ఎన్నిసార్లు చదివినా తేలడంలేదు. మేనేజరు తమ్ముణ్ణి పిలిచారా, తమ్ముడే మేనేజరును పిలిచాడా? రాసినవారికి తెలుసు, చదివేవారికి తెలియదు. వాక్యంలో ఏదో ఒక పేరుకు తగలాల్సిన "ని" జారిపోయింది.

ఇలాంటి వాక్యాన్ని సరిచూడాలంటే ముందు దాన్ని మామూలు వాక్యంగా విప్పి చూడండి. "మేనేజరు తమ్ముణ్ణి పిలిచారు." ఇప్పుడు మీరు ఏ మాట మీద ఒత్తి చెప్పదలచుకున్నారో ఆ మాటను చివరకు జరపండి. జరిపేటప్పుడు దాని తోకను తెంచకూడదు, ఉన్నదున్నట్టే పోవాలి. తమ్ముడి మీద ఒత్తిడి అయితే "మేనేజరు పిలిచింది తమ్ముణ్ణి". మేనేజరు మీద అయితే "తమ్ముణ్ణి పిలిచింది మేనేజరు". ఫోను విషయమూ అంతే: "మేనేజరు ఫోను చేసింది తమ్ముడికి", "మేనేజరు ఫోను చేసింది కృష్ణగిరి నుంచి", "మేనేజరు ఫోను చేసింది నిన్న". చివరి మాట ఏదైనా "చేసింది" మాత్రం కదలలేదు, గమనించారా?

చాలామంది తడబడేది ఇక్కడే. మేనేజరు పెద్దమనిషి కదా, "ఫోను చేసింది మేనేజరు గారు" అంటే అమర్యాద కాదా అని సందేహిస్తారు. కాదండీ. ఆ "చేసింది" అన్నమాట "చేసినది" నుంచి వచ్చింది. అందులోని "ది" మనిషిని చూపించదు, జరిగిన పనిని పట్టుకుని నిలబడుతుంది. అందుకే ఆడా మగా, ఒకరా పదిమందా అన్న లెక్క దానికి లేదు. "వచ్చింది మామయ్య", "వచ్చింది అత్తయ్య", "వచ్చింది వాళ్ళు" అన్నీ సరైనవే. మర్యాద అంతా "గారు" మోస్తుంది.

అయితే "మేనేజరమ్మ ఫోను చేసింది" అన్నప్పుడు కూడా "చేసింది" వినిపిస్తుంది కదా, అదీ ఇదీ ఒకటేనా? ఒకటి కాదు. అనుమానం వస్తే పనిని రేపటికి మార్చి చూడండి. మామూలు వాక్యం "రేపు మేనేజరమ్మ ఫోను చేస్తుంది" అవుతుంది. మన వాక్యం "రేపు ఫోను చేసేది మేనేజరమ్మ" అవుతుంది. నిన్నటి మాటలో కలిసిపోయిన రెండు రూపాలు రేపటి మాటలో విడిపోతాయి.

ఇక "నేను" సంగతి. "నేను గుమాస్తాను కాను" అంటాం, అది సరే. ఆ అలవాటుతో "ఫోను చేసింది నేను కాను" అనకూడదు. "ఫోను చేసింది నేను కాదు" అనాలి. "మీరు కాదు, మేము కాదు, వాళ్ళు కాదు", ఎవరికైనా "కాదు" ఒక్కటే. "ఫోను చేసినవాణ్ణి నేనే" అన్నదీ తెలుగే, కాని దాని దారి వేరు. "చేసినవాణ్ణి", "చేసినవారు" అన్నచోట మనం మనిషిని చూపిస్తున్నాం కనుక అక్కడ ఆడ, మగ, మర్యాద, వచనం అన్నీ కుదరాలి. "ఫోను చేసినవాడు మేనేజరు గారు" అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. "చేసినవారు" అని సరిదిద్దుకోవాలి. "చేసింది" అంటే ఆ చిక్కే లేదు.

తమిళ, కన్నడ సీమల్లోని మనవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. పక్కింటి తమిళుడు "కూప్పిట్టదు మేనేజర్ దాన్" అంటాడు, కన్నడిగుడు "ఫోన్ మాడిద్దు మేనేజరే" అంటాడు. "కూప్పిట్టదు", "మాడిద్దు" మన "పిలిచింది", "చేసింది" లాంటివే, మనిషిని బట్టి మారవు. మరాఠీ దారి వేరు. "మేనేజర్‌నేచ్ ఫోన్ కేలా" అని పేరుకే ఒక "చ్" తగిలించి ఊరుకుంటారు, వాక్యం వరస మారనక్కరలేదు. ఒరియాలో "హిఁ" చేసే పనీ అదే. షోలాపురంలోనో బరంపురంలోనో ఉన్న శ్రోతలు అదే ఫక్కీలో "మేనేజరే ఫోను చేశారు" అంటే తప్పుపట్టనక్కరలేదు, మన "ఏ" ఆ పని చక్కగా చేస్తుంది. కాని అలా చెప్పినప్పుడు క్రియ మళ్ళీ మనిషి వెంట నడవాలి: మేనేజరే ఫోను చేశారు, తమ్ముడే ఫోను చేశాడు, నేనే ఫోను చేశాను.