లిస్టింగ్ వార్త మన దాకా వచ్చేసరికి

2022 ఏప్రిల్ 11న అమెరికాలోని పెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్ ఒక జాబితా బయటపెట్టింది. ఆ త్రైమాసికంలో తమ దగ్గర ట్రేడింగ్‌కు చేర్చే ఆలోచనలో ఉన్న కాయిన్ల పేర్లు అందులో ఉన్నాయి. మర్నాడే ట్విటర్‌లో ఒకరు ఓ ఇథీరియం వాలెట్‌ని పట్టి చూపించారు. జాబితా రావడానికి సుమారు ఒక రోజు ముందే ఆ వాలెట్, అందులోని కాయిన్లని లక్షల డాలర్లు పోసి కొనేసింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. కాయిన్‌బేస్‌లో ప్రొడక్ట్ మేనేజర్‌గా ఉన్న ఇషాన్ వాహీ, ఏ కాయిన్ ఎప్పుడు చేరబోతోందో తన తమ్ముడికీ స్నేహితుడికీ ముందే చెబుతూ వచ్చాడని తేలింది. కంపెనీ విచారణకు పిలిచేసరికి అతను ఢిల్లీకి టికెట్ కొన్నాడు, కానీ విమానం ఎక్కకముందే ఆపేశారు. తప్పు ఒప్పుకున్నాక 2023 మేలో రెండేళ్ల జైలుశిక్ష పడింది.

లిస్టింగ్ అనే ఒక్క మాట ముందే తెలిస్తే అంత లాభం ఎలా వస్తుంది? చిన్న కాయిన్ల మార్కెట్ లోతు చూస్తే అర్థమవుతుంది.

పెద్ద ఎక్స్ఛేంజీలో చోటు దొరకని కాయిన్ ఎక్కువగా యూనిస్వాప్ లాంటి చోట ఒక పూల్‌లో అమ్ముడవుతుంది. ఒక లెక్క వేద్దాం. పూల్‌లో ఒక పక్క లక్ష డాలర్లు, ఇంకో పక్క పది లక్షల కాయిన్లు ఉన్నాయనుకోండి. అప్పుడు కాయిన్ ధర పది సెంట్లు. ఈ రెండింటి లబ్ధం ఎప్పుడూ మారకూడదన్నది పూల్ పెట్టుకున్న నియమం. ఒకాయన లక్ష డాలర్లు పట్టుకొచ్చాడు. ఇప్పుడు పూల్‌లో రెండు లక్షల డాలర్లు, అయిదు లక్షల కాయిన్లు. ఆయనకి అయిదు లక్షల కాయిన్లు సగటున ఇరవై సెంట్లకి వచ్చాయి. ధర మాత్రం నలభై సెంట్లకి చేరింది. ఆ కాయిన్లు మొత్తం పది కోట్లు ఉంటే, దాని మార్కెట్ విలువ కోటి డాలర్ల నుంచి నాలుగు కోట్లకి పెరిగినట్టు తెర మీద కనిపిస్తుంది. నిజానికి లోపలికి వచ్చింది ఒక్క లక్ష.

ఇంతలో ప్రకటన వెలువడింది. బాట్‌లు దాన్ని క్షణాల్లో చదివేసి కొంటాయి, మనుషులు ఆ తర్వాత. అలా వెనకొచ్చిన ఒకావిడ యాభై వేల డాలర్లు పెట్టింది. ఆమెకి లక్ష కాయిన్లు, ఒక్కోటి యాభై సెంట్ల చొప్పున దొరికాయి. ధర అరవై రెండు సెంట్లు దాటింది. సరిగ్గా అప్పుడు మొదటాయన తన అయిదు లక్షల కాయిన్లూ అమ్మేశాడు. చేతికి సుమారు 1,38,900 డాలర్లు వచ్చాయి. ధర పన్నెండు సెంట్లకి పడింది. ఆమె అమ్ముకుందామంటే వచ్చేది 11,100 డాలర్లు. ఆయన లాభం, ఆమె నష్టం రెండూ ఒకటే, దాదాపు 38,900 డాలర్లు. ఫీజులు వదిలేసి వేసిన లెక్క ఇది. అసలు మార్కెట్లో కొనేవాళ్లు వేలమంది ఉంటారు, ధర ఇంత నిటారుగా కూలకపోవచ్చు, కానీ డబ్బు చేతులు మారే తీరు ఇదే.

ఇక ట్రేడింగ్ మొదలయ్యాక పడిపోవడానికి ఇంకో కారణం తోడవుతుంది. చాలా ఎక్స్ఛేంజీలు కొనుగోళ్లకంటే ముందు డిపాజిట్లు తెరుస్తాయి. ఏళ్ల తరబడి కాయిన్ దాచుకున్న పాత మదుపరులు, ఉచితంగా పంచినప్పుడు అందుకున్నవాళ్లు, తొలి పెట్టుబడిదారులు ఆ వేళకి తమ కాయిన్లు అక్కడికి చేరుస్తారు. ఇన్నాళ్లూ పెద్ద మొత్తంలో అమ్మడానికి వాళ్లకి చోటే లేదు. లిస్టింగ్ వాళ్లకి కొనేవాళ్లని తెచ్చిపెట్టింది. మొదటి గంటల్లో కొనుగోళ్ల తాకిడి తగ్గాక అమ్మకాలే మిగులుతాయి. ప్రతి కాయిన్‌కీ ఇలాగే జరగాలని లేదు. మార్కెట్ మొత్తం ఊపు మీదున్నప్పుడు కొన్ని నెలల పాటు నిలబడతాయి కూడా.

అందుకే ప్రకటన చూడగానే చార్ట్‌ని వెనక్కి జరిపి చూడాలి. వార్తకి ముందు రెండు మూడు రోజుల్లోనే కారణం లేకుండా ధర, ట్రేడింగ్ పరిమాణం పెరిగి ఉంటే ఎవరో ముందే కొన్నారని అనుమానించాలి. తర్వాత ఆర్డర్ బుక్‌లో, ఇప్పటి ధరకి రెండు శాతం దిగువ వరకూ ఎంత విలువైన కొనుగోలు ఆర్డర్లు ఉన్నాయో చూడాలి. అది కొన్ని వేల డాలర్లే అయితే, మీరు కొన్న ధరకి దగ్గరగా అమ్మే వీలుండదు. ఎక్స్ఛేంజీ వాలెట్లలోకి ఆ కాయిన్లు పెద్దఎత్తున చేరుతుంటే అమ్మకం రాబోతోందన్నమాట. ఇది బ్లాక్‌చెయిన్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎవరైనా చూడవచ్చు.

మన దేశంలో కొనేవాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను పడుతోంది, పైగా ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుబాటు చేసుకోనివ్వరు. ఒక లిస్టింగ్‌లో లక్ష రూపాయలు పోగొట్టుకుని, ఇంకోదాంట్లో లక్ష సంపాదిస్తే చేతికి మిగిలింది సున్నా. అయినా 30 వేలు, సెస్సుతో కలిపి, కట్టాల్సిందే.