256 అని అమ్మి 32 ఇచ్చారు

ఆన్‌లైన్‌లో ఒరిజినల్ అని కొన్న సరుకు డూప్లికేట్ అని తేలితే చాలామంది చేసేది ఒకటే. ఒక్క స్టార్ ఇచ్చి, "ఫేక్ సరుకు, ఎవరూ కొనకండి" అని రాసి, కస్టమర్ కేర్ వాళ్లతో ఓ పావుగంట గొడవపడి వదిలేస్తారు. కోపం న్యాయమైనదే. కానీ ఏ ఆర్డరు, ఏ సెల్లరు, డూప్లికేట్ అని ఎలా తెలిసింది, ఇప్పుడేం కావాలి అన్నవి అందులో ఉండవు. అవి లేని ఫిర్యాదును పక్కన పెట్టడం కంపెనీకి చాలా తేలిక.

మెమరీ కార్డు సంగతే చూద్దాం. డూప్లికేట్లు విరివిగా తిరిగే సరుకుల్లో ఇదొకటి. పైగా సెంటు, చెప్పుల మాదిరి కాకుండా, దీని బండారం కొన్నవాళ్లే ఇంట్లో కూర్చుని బయటపెట్టగలరు.

విజయవాడలో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడొకడు పేరున్న బ్రాండు 256 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డును 1,399 రూపాయలకు తెప్పించుకున్నాడని అనుకుందాం. లిస్టింగ్‌లో "100% ఒరిజినల్" అని ఉంది, కింద వేలకొద్దీ రివ్యూలున్నాయి. కార్డు పెడితే కంప్యూటర్లో 238 జీబీ అని చూపించింది. ఇందులో మోసం లేదు. కంపెనీలు జీబీని వెయ్యి లెక్కన, విండోస్ 1,024 లెక్కన కొలుస్తాయి కాబట్టి అసలైన కార్డు కూడా అంతే చూపిస్తుంది. స్నాతకం, ఎదురుకోలు బాగానే రికార్డయ్యాయి. జీలకర్ర బెల్లం నుంచి తీసిన ఫైళ్లకు మాత్రం పేరుంది, సైజుంది, తెరిస్తే ఏమీ లేదు.

కార్డు లోపల డేటా దాచే చిప్పుతో పాటు, ఆ చిప్పు ఎంత పెద్దదో కంప్యూటరుకు చెప్పే కంట్రోలర్ ఒకటి ఉంటుంది. డూప్లికేట్ చేసేవాళ్లు 32 జీబీ చిప్పు పెట్టి, 256 అని చెప్పేలా ఆ కంట్రోలర్ ప్రోగ్రాము మార్చేస్తారు. మొదటి 32 జీబీ నిండేదాకా అంతా సవ్యంగానే సాగుతుంది. ఆ తర్వాత వచ్చిన డేటాను కార్డు రాసినట్టు నటించి పారేస్తుంది, లేదా మొదట రాసినదాని మీదే మళ్లీ రాస్తుంది. ఫైళ్ల పట్టిక కార్డు మొదట్లో ఉంటుంది కనుక పేర్లు, సైజులు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. సగం వాడేవాళ్లకు ఈ మోసం ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఆ లిస్టింగ్ కింద మంచి రివ్యూలు ఉండటానికి అదీ ఓ కారణమే.

దీన్ని పట్టుకోవడానికి H2testw అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది. జర్మనీ కంప్యూటర్ పత్రిక ఒకటి తన పాఠకుల కోసం తయారుచేయించింది. లినక్సులో అయితే f3write, f3read అనే కమాండ్లు ఇదే పని చేస్తాయి. కార్డులో ఉన్నదంతా వేరేచోటికి కాపీ చేసుకుని, ఖాళీ చేసి, రీడర్‌లో పెట్టి "Write + Verify" నొక్కాలి. అది కార్డు నిండేదాకా తనకు తెలిసిన డేటా రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. సెకనుకు 10 ఎంబీ చొప్పున రాసే కార్డుకు రాయడానికే ఏడు గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవడం నయం. తెల్లారి చూస్తే ఎంత డేటా సరిగ్గా ఉందో, ఎంత పోయిందో రెండు ముక్కల్లో ఉంటుంది.

అసలైన కార్డు కూడా పాడవ్వచ్చు కదా అని సెల్లర్ అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాడైన కార్డులో తప్పులు అక్కడక్కడా చెదిరి ఉంటాయి. కెపాసిటీ పెంచి చూపిన కార్డులో ఓ గీత గీసినట్టు 30 జీబీ దరిదాపుల వరకు అంతా సరిగ్గా ఉండి, అక్కడి నుంచి చివరిదాకా అంతా పోతుంది. ఆ ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీయాలి. కార్డు రెండువైపులా, ప్యాకెట్ మీది దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ, తయారైన దేశం ఉండాల్సిన చోటు కూడా ఫొటో తీసుకోవాలి. ఆ వివరాల స్టిక్కరే లేకపోతే అది ఇంకో సాక్ష్యం.

ఇక బిల్లు. అమ్మింది వెబ్‌సైటు కాదనీ, దాని మీద దుకాణం పెట్టుకున్న వేరే సెల్లరనీ చాలామందికి బిల్లు చూశాకే తెలుస్తుంది. బిల్లు మీది జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, ఢిల్లీకి 07. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి వెతికితే ఆ సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ ఇంకా అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. రద్దయిన నంబరుతో బిల్లు వచ్చిందంటే ఫిర్యాదులో మొదటి వాక్యం అదే కావాలి.

ఇవన్నీ చేతిలో ఉన్నాక ఫిర్యాదు రాయాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రిటర్న్ పెట్టేటప్పుడు యాప్ అడిగే కారణాల్లో త్వరగా అయిపోతుందని "నచ్చలేదు" అన్నది నొక్కేస్తారు. డబ్బు రావచ్చు. కానీ రికార్డులో అది డూప్లికేట్ ఫిర్యాదు కాదు, కొన్నవాళ్ల మనసు మారిన కేసు. సాక్ష్యమైన సరుకు తిరిగి సెల్లరుకే చేరుతుంది. దాన్ని వాళ్లు ఇంకొకరికి అమ్మరన్న భరోసా ఏమీ లేదు. అందుకే కారణం సరిగ్గా ఎంచుకుని, సరుకు చేయిదాటకముందే గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా పంపడం మంచిది. ఆ అధికారి పేరు, మెయిల్ వెబ్‌సైట్లో పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా ఆర్డర్ నంబరుతో 1,399 రూపాయలకు ఈ కార్డు కొన్నాను. సెల్లర్ పేరు, జీఎస్టీ నంబరు బిల్లులో ఉన్నాయి. లిస్టింగ్‌లో ఒరిజినల్, 256 జీబీ అని ఉంది. పరీక్షలో 30 జీబీ లోపే పనిచేస్తోంది. ఫలితం, ఫొటోలు జతచేశాను. ఇది ప్రకటించిన లక్షణాలు లేని సరుకు, నకిలీ సరుకు. మొదటిది, పూర్తి మొత్తం తిరిగి ఇవ్వండి. రెండోది, ఈ సెల్లర్ పెట్టిన ఈ లిస్టింగ్ తొలగించి ఆ సంగతి నాకు తెలియజేయండి. మూడోది, సెల్లర్ పూర్తి చిరునామా, మెయిల్ ఇవ్వండి. నా ఫిర్యాదుకు టికెట్ నంబరు పంపండి."

ఇందులో "నకిలీ" అన్న మాటతో పాటు "ప్రకటించిన లక్షణాలు లేని" అన్న మాట కూడా కావాలనే పెట్టాలి. బ్రాండు డూప్లికేటా కాదా అన్నది బ్రాండు యజమాని తేల్చాలి, అందుకు టైము పట్టవచ్చు. 256 అని అమ్మింది 256 కాదని మాత్రం రాత్రికి రాత్రి రుజువైంది. నిబంధనల్లో 6వది లోపమున్న, నకిలీ అయిన, ప్రకటించినట్టు లేని సరుకులను మూడింటినీ కలిపే చెబుతుంది. వీటిలో ఏదైనా సరే, వెనక్కు తీసుకోనని గానీ డబ్బు తిరిగివ్వనని గానీ సెల్లర్ అనకూడదు. "ఏడు రోజుల్లో రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని సైటు రాసుకున్నా ఆ బాధ్యత పోదు. ప్యాకెట్ తెరిచేటప్పుడు తీసిన వీడియో ఉంటే కార్డు మార్చేశారన్న వాదనకు తావుండదు. అయితే వీడియో లేకపోతే ఫిర్యాదే చెల్లదన్న షరతు నిబంధనల్లో ఎక్కడా లేదు.

గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడతారు. అయితే అది కంపెనీతో మాట్లాడి ఒప్పించే చోటే, తీర్పు చెప్పే చోటు కాదు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. e-jagriti.gov.in లో ఇంటి నుంచే కేసు వేయవచ్చు. సెల్లర్ ఢిల్లీలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 1,399 రూపాయల కోసం అంతదూరం ఎవరు వెళ్తారన్నది అసలు ప్రశ్న. డూప్లికేట్ అమ్మేవాళ్ల ధైర్యమంతా అదే. పోయిన పెళ్లి వీడియోకు నష్టపరిహారం కూడా అడగవచ్చని గుర్తొస్తే లెక్క కొంచెం మారుతుంది.

డబ్బు రాబట్టడం కంటే లిస్టింగ్ తీయించడం కష్టం. దానికి కారణం పెద్ద సైట్లు కట్టుకున్న తీరులోనే ఉంది. చాలాచోట్ల ఒక సరుకుకు ఒకే పేజీ ఉంటుంది. పదిమంది సెల్లర్లు ఆ ఒక్క పేజీ మీదే అమ్ముతారు. రివ్యూలన్నీ అక్కడే పోగవుతాయి. ఒరిజినల్ అమ్మినవాళ్లకు వచ్చిన స్టార్ల నీడలో డూప్లికేట్ అమ్మేవాడూ నిలబడతాడు, ధర కాస్త తగ్గించి ముందుకొస్తాడు. కాబట్టి "పేజీ తీసేయండి" అంటే ఒరిజినల్ అమ్మేవాళ్లనూ తీసేయమని అడిగినట్టవుతుంది, కంపెనీ ఒప్పుకోదు. "ఈ పేజీలో ఈ సెల్లర్" అని పేరు పెట్టి అడగాలి. ట్రేడ్‌మార్క్ చట్టం కింద తొలగించిన సరుకులనే మళ్లీమళ్లీ పెట్టే సెల్లర్ల రికార్డును మార్కెట్‌ప్లేస్ ఉంచుకోవాలన్న నిబంధన కూడా ఉంది. ఫిర్యాదులో దాన్ని గుర్తుచేస్తే కనీసం రికార్డులోకి ఎక్కించమని అడిగినట్టుంటుంది.

ఒక్కరి నష్టం కాకుండా చాలామందిది అయినప్పుడు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రంగంలోకి దిగవచ్చు. 2022 ఆగస్టులో ఐఎస్ఐ ప్రమాణాలకు తగని ప్రెషర్ కుక్కర్లు తన సైటులో అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు ఆ సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ తెలియజేసి, వెనక్కు తీసుకుని, డబ్బు తిరిగివ్వమంది. అవి డూప్లికేట్ బ్రాండువి కావు, కేసు వేరు. కానీ ప్రతి అమ్మకం మీదా సంపాదిస్తూ, తేడా వచ్చినప్పుడు మాకు సంబంధం లేదనడం కుదరదని ఆ ఉత్తర్వు చెప్పిన మాట మెమరీ కార్డుకూ పనికొస్తుంది. లక్ష జరిమానా అంత పెద్ద కంపెనీకి లెక్కలోది కాదు. నొప్పి కలిగించేది వెనక్కు తీసుకోమనడమే. ఈ సంస్థకు ఢిల్లీకే రాయనక్కర్లేదు. చట్టంలోని 17వ సెక్షన్ కింద జిల్లా కలెక్టరుకు ఇచ్చినా చాలు.

లిస్టింగ్ తీయించడంలో అందరికంటే చేయి పడేది బ్రాండు యజమానికి. ట్రేడ్‌మార్కు వాళ్లది కాబట్టి పెద్ద సైట్లలో వాళ్ల ఫిర్యాదులకు వేరే దారి ఉంటుంది. కోర్టుకు వెళ్లినా, పోలీసులతో గోదాము సోదా చేయించాలన్నా వాళ్లే ముందుండాలి. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే ఆ సోదా చేయాలని ట్రేడ్‌మార్క్ చట్టం చెబుతుంది. బ్రాండుకు రాసే మెయిల్‌లో పరీక్ష ఫలితం కంటే ప్యాకెట్, కార్డు వెనుక ముద్రించిన అంకెల ఫొటోలే ఎక్కువ పనికొస్తాయి. పేజీ లింకు, సెల్లర్ పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు కాపీ జతచేసి, ఇది మీ సరుకేనా కాదా అన్నది రాతలో చెప్పమని అడగాలి. కాదని ఒక్క వాక్యం వచ్చినా, కార్డు ద్వారా డబ్బు కట్టినవాళ్లు దాన్ని బ్యాంకుకు చూపించి చార్జ్‌బ్యాక్ అడగవచ్చు. వీసా కార్డులకు నకిలీ సరుకు అనే విడి కారణం 13.4 కోడ్ కింద ఉంది. అది కోరే రుజువుల్లో బ్రాండు యజమాని మాట ఒకటి.