ట్రస్టా, సొసైటీయా, కంపెనీయా?

పేద పిల్లల చదువుకు సాయం చేసే ఒక కాలనీ బృందానికి ఓ పెద్దాయన ఇంటి స్థలం ఇచ్చారనుకుందాం. ఆ స్థలంపై రేపు ఎవరి మాట చెల్లుతుందన్నదే మొదట తేలాలి.

ట్రస్టు అయితే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన దస్తావేజులో రాసిందే వేదం. ధర్మకర్తలకు ఎన్నికలు ఉండనక్కర్లేదు. తొలగించే పద్ధతి అందులో రాయకపోతే, ఒకరు మొండికేసినా కోర్టు మెట్లెక్కాలి. ఆ పేరా రాయకుండా సంతకాలు పెట్టడమే చాలా ట్రస్టుల తొలి పొరపాటు.

2001 చట్టం కింద సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి. పగ్గాలు సర్వసభ్య సమావేశానివి. అయితే ఎన్నికల ముందు గుంపుగా సభ్యులను చేర్చి సంఘాన్ని చేజిక్కించుకునే ప్రమాదం ఉంది. సభ్యత్వ నిబంధనలు బిగువుగా ఉండాలి.

సెక్షన్ 8 కంపెనీని ఇద్దరితోనే ప్రారంభించవచ్చు, కానీ లెక్కల క్రమశిక్షణ కఠినం. రాబడి లేని ఏడాదీ ఆడిట్ తప్పదు. వార్షిక పత్రం ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు కట్టాలి.

పన్నులో మూడూ ఒకటే. ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదై, రాబడిలో 85 శాతం ఆశయానికి ఖర్చుపెట్టాలి. పది లక్షలొస్తే ఎనిమిదిన్నర లక్షలు. మిగిలితే కూడబెట్టే కారణం గడువులోగా తెలపాలి. దాతల రాయితీకి వేరే ఆమోదం కావాలి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు.

ఆస్తి ఇచ్చిన దాత ఆశయం మారకూడదనుకుంటే ట్రస్టు, చందాదారులే నడపాలంటే సొసైటీ సరైనవి.